పాత ఫోనులో మిగిలిపోయిన కార్డు: నష్టం ఎవరు భరించాలి?

ప్రశ్న: నా పాత ఆండ్రాయిడ్ ఫోనును తెలిసిన వ్యక్తికి అమ్మాను. యాప్‌లు తీసేశాను కానీ, రీసెట్ చేయలేదు. శుక్రవారం రాత్రి ఒక విదేశీ గేమ్ సైటులో ఓటీపీ లేకుండానే నా క్రెడిట్ కార్డుతో చెల్లింపు జరిగినట్లు సందేశం వచ్చింది. మంగళవారం బ్యాంకుకు మెయిల్ పంపాను. బుధవారం మరో చెల్లింపు జరిగింది. కార్డు వివరాలు ఫోనులో దాచుకోవడం నా నిర్లక్ష్యమేనని బ్యాంకు అంటోంది. షాపింగ్ యాప్‌లో ఆ కార్డును ఎప్పుడో తొలగించాను. డబ్బు తిరిగి వస్తుందా? పాస్‌వర్డులు ఇకపై ఎక్కడ ఉంచుకోవాలి?

జవాబు: రెండు చెల్లింపులనూ విడివిడిగా చూడండి. బ్యాంకు వాటిని ఒకే గాట కట్టి జవాబిచ్చింది. మీరు ఒప్పుకోవద్దు.

బుధవారం నాటి చెల్లింపుతో మొదలుపెడదాం. అనధికార ఎలక్ట్రానిక్ లావాదేవీలపై రిజర్వు బ్యాంకు 2017 జూలై 6న ఇచ్చిన ఆదేశం ప్రకారం, ఖాతాదారు తప్పు ఉన్నా సరే, ఆయన బ్యాంకుకు తెలియజేసిన తర్వాత జరిగిన నష్టాన్ని బ్యాంకే భరించాలి. మీరు మంగళవారమే తెలియజేశారు. ఆ వెంటనే కార్డును నిలిపివేయడం బ్యాంకు పని. కాబట్టి ఈ మొత్తం విషయంలో మీ నిర్లక్ష్యం చర్చకే రాదు. మెయిల్ వెళ్లిన తేదీ, గంట కనిపించేలా దాన్ని భద్రపరచండి. ఫిర్యాదు అందినట్లు బ్యాంకు పంపిన నంబరు ఉంటే, దాన్నీ ఉంచుకోండి.

శుక్రవారం నాటి చెల్లింపు విషయం అంత తేలిక కాదు. తప్పు బ్యాంకుదీ ఖాతాదారుదీ కాకుండా మూడో వ్యక్తి వల్ల జరిగితే, సందేశం అందాక మూడు పని దినాల్లోపు తెలియజేసినవారికి ఏ నష్టమూ ఉండదు. సందేశం అందిన రోజును లెక్కలోకి తీసుకోరు. శని, ఆదివారాలు రెండూ మీ శాఖకు సెలవైతే సోమవారం ఒకటి, మంగళవారం రెండు. శనివారం బ్యాంకు పనిచేసినా మంగళవారం మూడోదే అవుతుంది. గడువులోపే ఉన్నారు.

కానీ ఖాతాదారు నిర్లక్ష్యం రుజువైతే, తెలియజేసే వరకు జరిగిన నష్టమంతా ఆయనదే. నిర్లక్ష్యానికి ఉదాహరణగా ఆ ఆదేశం చెప్పింది, చెల్లింపు వివరాలను ఇతరులకు ఇవ్వడం. లాక్ ఉన్న మీ ఫోనులో కార్డు దాచుకోవడం ఇతరులకు ఇవ్వడం కాదని గట్టిగా వాదించవచ్చు. అయితే ఫోనులోని గూగుల్ ఖాతాను తొలగించకుండా, లాక్ తీసి ఫోనును చేతికివ్వడం దానికి చాలా దగ్గరగా వస్తుంది. దాచిపెట్టి మీకు ఆశ కల్పించలేను: బ్యాంకు ఇక్కడే పట్టుకుంటుంది. మీకు అండగా ఉన్నది ఒక్కటే. ఖాతాదారు బాధ్యతను రుజువు చేయాల్సిన భారం బ్యాంకు మీదే ఉంది. కార్డు వివరాలు ఆ ఫోను నుంచే వెళ్లాయని బ్యాంకుకు ఎలా తెలుసో లిఖితపూర్వకంగా అడగండి. విదేశీ సైట్లలో చాలాచోట్ల ఓటీపీ అడగరు కాబట్టి కార్డు నంబరు, గడువు తేదీ, సీవీవీ ఉంటే చాలు. అవి ఇంకెక్కడి నుంచైనా బయటికి పోయి ఉండవచ్చు.

తెలియజేసిన పది పని దినాల్లోపు బ్యాంకు ఆ సొమ్మును తాత్కాలికంగా మీ ఖాతాలో జమ చేయాలి, తొంభై రోజుల్లో ఫిర్యాదును తేల్చాలి. బ్యాంకు జవాబు సంతృప్తిగా లేకపోయినా, ముప్పై రోజుల్లో జవాబు రాకపోయినా cms.rbi.org.in లో రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు. 1930కి ఫోను చేసి సైబర్ నేరంగానూ నమోదు చేయించండి. ఇతరుల పాస్‌వర్డు వంటి గుర్తింపు వివరాలను మోసపూరితంగా వాడటం ఐటీ చట్టం 66సి సెక్షన్ కింద నేరం. మూడేళ్ల వరకు జైలు, జరిమానా ఉంటాయి. కానీ ఫోను కొన్న వ్యక్తే చేశాడని మీరు ఎక్కడా రాయకండి. చేసింది వారి పిల్లలు కావచ్చు, అసలు ఆ ఇంటివారే కాకపోవచ్చు. మీకు తెలిసిన వాస్తవాలు మాత్రం రాయండి.

ఇప్పుడు తొలగించే పని. తొందరపడి అన్నీ చెరిపేస్తే సాక్ష్యం పోతుంది. ముందు కొత్త ఫోనులో మీ గూగుల్ ఖాతా తెరిచి Security విభాగంలో Your devices చూడండి. అమ్మిన ఫోను పేరు, చివరిసారి వాడిన తేదీ కనిపిస్తే స్క్రీన్‌షాట్ తీసుకోండి. ఆ తర్వాతే దాన్ని ఎంచుకుని Sign out నొక్కండి, వెంటనే ఖాతా పాస్‌వర్డు మార్చండి. ఆ ఫోనును దూరం నుంచి రీసెట్ చేయాలన్న ఆలోచన మాత్రం వద్దు. అమ్మిన క్షణం నుంచి ఆ ఫోను మీది కాదు. యజమాని అనుమతి లేకుండా అందులోని సమాచారాన్ని చెరిపితే ఐటీ చట్టం 43వ సెక్షన్ కింద మీరే జవాబు చెప్పుకోవాల్సి వస్తుంది.

షాపింగ్ యాప్‌లో తీసేసిన కార్డు ఇంకా ఎలా పనిచేసిందన్నది మీ అసలు సందేహం అనుకుంటాను. ఒకే కార్డు నాలుగు చోట్ల నిలిచి ఉంటుంది. వ్యాపారి యాప్‌లో ఉన్నది ఒక టోకెన్, అంటే కార్డు నంబరుకు బదులుగా వాడే సంకేతం మాత్రమే. 2022 అక్టోబరు 1 నుంచి మన దేశంలో వ్యాపారులు కార్డు నంబరును దాచకూడదు కాబట్టి, ఆ టోకెన్ ఆ వ్యాపారి దగ్గర తప్ప ఇంకెక్కడా చెల్లదు. మీరు తొలగించింది దాన్నే. పూర్తి నంబరు ఉండగలిగే చోటు బ్రౌజరు. క్రోమ్‌లో Settings తెరిచి Payment methods లోకి వెళితే ఎప్పుడో ‘సేవ్ చేయాలా’ అని అడిగినప్పుడు సరేనన్న కార్డులు వరుసగా కనిపిస్తాయి. ప్రతి దాన్నీ తెరిచి తొలగించండి, సేవ్ చేసే స్విచ్‌ను ఆపేయండి. మూడోది బ్యాంకు దగ్గర ఉండే టోకెన్ల జాబితా. ఏ వ్యాపారులకు టోకెన్ ఇచ్చారో చూసి రద్దు చేసుకునే వీలు కార్డు ఇచ్చిన బ్యాంకు కల్పించాలి. నాలుగోది నెలనెలా తెగే చందాల అనుమతి. యాప్‌లో కార్డు తీసేశాం కదా అని వదిలేయకుండా, బ్యాంకులో దాన్ని విడిగా రద్దు చేయించండి.

కార్డు నంబరు బయటికి పోయిందన్న అనుమానం ఉన్నప్పుడు ఇవన్నీ చాలవు, కొత్త నంబరుతో కార్డు తీసుకోవాల్సిందే. అది వచ్చాక బ్యాంకు యాప్‌లో విదేశీ లావాదేవీలను ఆపి ఉంచండి. ఆ స్విచ్ ఇవ్వాలని రిజర్వు బ్యాంకు 2020లోనే ఆదేశించింది. శుక్రవారం అది ఆపి ఉంటే ఈ లేఖే ఉండేది కాదు.

పాస్‌వర్డులన్నీ ఒకేచోట దాచిపెట్టే పాస్‌వర్డు మేనేజరు విషయంలో నా సలహా: ఏది ఎంచుకున్నా ఒక్కటే ఉంచండి. గూగుల్‌ది అయినా, బిట్‌వార్డెన్ వంటి విడి యాప్ అయినా సరే. కొత్తదానికి మారాక పాత బ్రౌజరులోని పాస్‌వర్డులు వాటంతట అవి పోవు. నా దగ్గరకు వచ్చిన ఒక కేసులో, విడి యాప్‌కు మారి ఏడాది దాటినా పాత బ్రౌజరులో బ్యాంకు పాస్‌వర్డు అలాగే ఉండిపోయింది. మారేటప్పుడు పాతదాని నుంచి దించుకునే ఫైలు కూడా ప్రమాదమే. అందులో పాస్‌వర్డులన్నీ ఎవరైనా చదవగలిగేలా ఉంటాయి. కొత్తదానిలోకి ఎక్కించగానే Downloads నుంచి, చెత్తబుట్ట నుంచి కూడా తీసేయండి.

యాప్ ఎంచుకునేటప్పుడు ఒక ప్రశ్న వేసుకోండి: ప్రధాన పాస్‌వర్డు మరిచిపోతే ఆ సంస్థ దాన్ని చెప్పగలదా? చెప్పగలిగితే ఇంకెవరైనా తెలుసుకోగలరు. చెప్పలేకపోతే దాన్ని కాగితం మీద రాసి భద్రమైన చోట ఉంచే బాధ్యత మీదే. మేనేజరు పాస్‌వర్డును తానుగా నింపే సదుపాయం వల్ల మరో మేలు ఉంది. సైటు చిరునామా సరిపోలితేనే అది పాస్‌వర్డును చూపిస్తుంది. ఎప్పుడూ చూపించే చోట చూపించకపోతే చేత్తో టైపు చేయకుండా చిరునామాను అక్షరం అక్షరం చదవండి. యూపీఐ పిన్, కార్డు పిన్ మాత్రం అందులోనూ రాయకండి. రేపు మరో వివాదం వస్తే, బ్యాంకు మీ నిర్లక్ష్యానికి రుజువుగా మొదట చూపించేది వాటినే.