ప్రిన్సిపాల్ గారు సంతకం పెట్టగలిగే ఉత్తరం

బరంపురం

చిరంజీవికి ఆశీస్సులు.

పర్లాకిమిడిలో నువ్వు చదివిన బడిలో, వెక్కిరింపుల మీద పిల్లలతో కలిసి ఒక యానిమేషన్ సినిమా తీయడానికి అనుమతి, డబ్బు అడుగుతూ ప్రిన్సిపాల్ గారికి ఇవ్వాలనుకుంటున్న ఉత్తరం చిత్తుప్రతి, దానితో పంపిన మూడు బొమ్మలు అందాయి. బొమ్మలు నాకు చాలా నచ్చాయి. రెండో బొమ్మలో బల్ల చివర కూర్చున్న పిల్ల నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది, కానీ కళ్లు మాత్రం నవ్వడం లేదు. నీ సినిమా అంతా ఆ కళ్లలోనే ఉంది. ఉత్తరంలో మాత్రం ఆ పిల్ల ఎక్కడా లేదు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

"మన బడిలో పిల్లలు ఒకరినొకరు వేధించుకోవడం రోజురోజుకూ పెరిగిపోతోంది" అని మొదలుపెట్టావు. ఆయన కుర్చీలో కూర్చుని ఆ వాక్యం చదువు. అనుమతి ఇస్తే ఆ కాగితం ఫైలులో ఉంటుంది. రేపు ఎవరో తల్లిదండ్రులు గొడవకు వస్తే, "పెరిగిపోతోందని మీకు ముందే తెలుసు కదా" అని అదే కాగితం చూపిస్తారు. నిజం దాచమని నేను అనడం లేదు. ఆ మాట నీకు తెలిసిన నిజం కాదని అంటున్నాను. ఆ బడి వదిలి నువ్వు విశాఖపట్నం వెళ్లి నాలుగేళ్లయింది. పెరిగిందో తగ్గిందో నువ్వు లెక్కపెట్టలేదు. నీకు తెలిసింది ఒక్కటే, నీకు జరిగింది. ఫోనులో నాతో చెప్పినట్టే అది రాయి:

"ఏడో తరగతిలో ఈ బడిలో చేరాను. ఇంట్లో తెలుగే మాట్లాడేవాళ్లం. ఒడియా పాఠం పైకి చదివేటప్పుడు 'భొలొ' అనాల్సిన చోట 'భల' అనేదాన్ని. తరగతి నవ్వేది. కొన్నాళ్లకు పైకి చదవడమే మానేశాను. నవ్విన వాళ్లలో నాతో అన్నం పంచుకుని తినే స్నేహితురాలు కూడా ఉంది. తనకు నవ్వాలని లేదని చాలా కాలానికి చెప్పింది. అలా నవ్విన ఒక పిల్ల వైపు నుంచి తొంభై సెకన్ల యానిమేషన్ చిత్రం తీయాలనుకుంటున్నాను."

ఒడియా అక్షరంలో ఇమిడి ఉండే అచ్చు ఒకారానికి దగ్గరగా పలుకుతుందని, మన నాలుక దాన్ని అకారం చేస్తుందని పర్లాకిమిడిలో ఎవరికీ విడమరిచి చెప్పనక్కరలేదు. ఆయన రోజూ వినేదే. ఎవరినీ వేలెత్తి చూపని ఈ పేరా కింద ఆయన నిశ్చింతగా సంతకం పెట్టగలరు. గిడుగు రామమూర్తి పంతులు గారు ఉపాధ్యాయుడిగా పనిచేస్తూ సవర భాష నేర్చుకున్నది మీ ఊళ్లోనే. ఆ ఊరి బడిలో ఒక పిల్ల తన యాసకు భయపడి చదవడం మానేసిందంటే ఏ ఉపాధ్యాయుడికైనా మనసు కదులుతుంది. అంతకు మించి ఒక్క విశేషణం కూడా చేర్చకు.

తర్వాతి విషయం డబ్బు కంటే ముఖ్యం. "బాధిత విద్యార్థులను ఇంటర్వ్యూ చేసి వారి అనుభవాల ఆధారంగా కథ రూపొందిస్తాను" అని రాశావు. ఆ వాక్యం పూర్తిగా తీసేయి. నా జీవితంలో జరిగిన ఒక సంగతి చెబుతాను. ముప్ఫై ఏళ్ల కిందట ఒక బడి వార్షికోత్సవానికి నాటిక రాశాను. ఒక కుర్రవాణ్ణి తోటివాళ్లు ఏడిపించే కథ. నిజంగా జరిగిందే. పేరు మార్చాను, తరగతి మార్చాను. కానీ అతన్ని పిలిచే వెక్కిరింపు పేరు బాగా పండుతుందని అలాగే ఉంచేశాను. నాటకం బాగా ఆడింది. మరుసటి రోజు నుంచి ఒక్క తరగతి పిల్లలకే తెలిసిన ఆ పేరు బడి మొత్తానికి తెలిసిపోయింది. ఆ సంవత్సరం దాటకుండానే అతను బడి మారాడు. ఆ తప్పు నాదే. ఇప్పటికీ పిల్లల కోసం ఏది రాసినా ముందు ఆ మాటే గుర్తొస్తుంది.

యానిమేషన్ కాబట్టి ముఖాలు కనబడవు, ఇబ్బంది లేదు అని రాశావు. పిల్లలు ముఖం కంటే ముందు సైకిలు రంగును, జడ రిబ్బన్ను, ఒక వెక్కిరింపు మాటను గుర్తుపడతారు. గొంతునైతే వెంటనే పట్టేస్తారు. అందుకని మూడు సంగతులు స్పష్టంగా రాయి. కథ నీ సొంతది, ఇప్పుడు బడిలో చదువుతున్న ఏ పిల్లదీ కాదు. సినిమాలో వెక్కిరింపు మాట వినబడదు, తరగతి నవ్వు మాత్రమే వినబడుతుంది. గొంతు ఇచ్చే పిల్లల తల్లిదండ్రుల నుంచి రాతపూర్వకంగా సమ్మతి తీసుకుంటావు. రెండోది భద్రత కోసమే కాదు, కళ కోసం కూడా. వెక్కిరింపు పలికావంటే సినిమా అయ్యాక పిల్లలు దాన్నే పట్టుకెళతారు. పైగా మాటలు లేకపోతే తెలుగులో తీస్తావా, ఒడియాలో తీస్తావా అన్న ప్రశ్న కూడా రాదు.

నువ్వు అడగకపోయినా పిల్లలు చెప్పుకుంటారు. కాగితం బొమ్మలు కత్తిరిస్తూ పక్కన కూర్చున్న పిల్ల ఉన్నట్టుండి, "అక్కా, నన్ను కూడా..." అని మొదలుపెడుతుంది. అప్పుడు ఏం చేస్తావో ఉత్తరంలో ముందే ఉండాలి. రికార్డు చేయను, కథలో వాడను, అదే రోజు మీరు నియమించిన ఉపాధ్యాయురాలికి చెబుతాను అని రాయి. ఎవరికీ చెప్పనని పిల్లకు మాట ఇవ్వకు. అది లైంగిక నేరానికి సంబంధించిన సంగతైతే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం, తెలిసినవారెవరైనా పోలీసులకు తెలియజేయాల్సిందే. ఉపాధ్యాయురాలికి చెప్పడంతో నీ బాధ్యత తీరదు. పిల్లల సహాయవాణి 1098 నంబరు సినిమా చివరి ఫ్రేములో వేస్తానని కూడా రాయి. మీది సి.బి.ఎస్.ఇ. బడి. వేధింపుల నివారణకు కమిటీలు ఉండాలని ఆ బోర్డు 2015లోనే తన బడులకు చెప్పింది. మీ బడిలో ఆ కమిటీ ఉంటే కథను ముందుగా వాళ్లకు చూపిస్తానని ఒక్క వాక్యం చేర్చు. నిబంధన ఉంది కాబట్టి ఒప్పుకోవాలన్న ధోరణి మాత్రం రానివ్వకు.

ఇక లెక్కలు. అయిదు నిమిషాల సినిమా, పదిహేను రోజులు, 80,000 రూపాయలు అన్నావు. కత్తిరించిన కాగితం బొమ్మలను కొంచెం కొంచెం జరుపుతూ ఫోనుతో ఫొటోలు తీస్తానంటున్నావు కదా. సెకనుకు 12 ఫొటోలు అనుకుంటే అయిదు నిమిషాలకు 3,600. చెయ్యి తిరగని పిల్లలతో ఒక మధ్యాహ్నం మూడు నాలుగు గంటలు కూర్చుంటే 120 ఫొటోలు వస్తే గొప్ప. అంటే ముప్ఫై మధ్యాహ్నాలు. పదిహేను రోజుల్లో కాదు. సగంలో ఆగిపోయిన పనికి అనుమతి ఇచ్చినందుకు ఆయన మాట పడాలి. అదే తొంభై సెకన్లయితే 1,080 ఫొటోలు, తొమ్మిది మధ్యాహ్నాలు. జూలై, ఆగస్టు నెలల శనివారాలు సరిపోతాయి, పరీక్షలకు అడ్డు రావు. నీ కథ తొంభై సెకన్లలో ఇముడుతుంది. నువ్వు పంపిన మూడు బొమ్మలే అందుకు సాక్ష్యం.

80,000లో ఎక్కువ భాగం కెమెరాకు, లాప్‌టాప్‌కు వేశావు. సినిమా అయ్యాక అవి ఎవరివి? ఆయనకు వచ్చే మొదటి అనుమానం అదే. ఫోను, లాప్‌టాప్ నీ దగ్గర ఉన్నాయి, ఎడిటింగ్‌కు ఉచిత సాఫ్ట్‌వేర్ చాలు, కాబట్టి ఆ సంగతే రాయి. మిగిలినవి ఇలా వేసి చూశాను. అట్టలు, రంగులు 1,500. ఫోనును పైనుంచి కిందికి చూసేలా పట్టి ఉంచే స్టాండు 1,500. బల్ల దీపాలు రెండు 1,600. పెన్‌డ్రైవ్ 800. సమ్మతి పత్రాల జిరాక్సులు 300. తొమ్మిది శనివారాలు పిల్లలకు తినడానికి ఏదైనా 1,800. అనుకోని ఖర్చు 500. మొత్తం 8,000. మీ ఊరి దుకాణాల్లో ధరలు అడిగి నా అంకెలు సరిచేసుకో. స్టాండు, దీపాలు, పెన్‌డ్రైవ్ తర్వాత బడికే ఉంటాయని, బిల్లులు బడి పేరు మీదే తీసుకుంటానని రాయి. డబ్బు నీ చేతికి ఇవ్వమని అడగకు. దుకాణానికి బడే చెల్లిస్తే నీకూ ఆయనకూ కూడా మంచిది. దీపాల విషయంలో ఒక జాగ్రత్త. కిటికీలు మూసి దీపాల వెలుతురులోనే తీయి. మబ్బు పట్టినప్పుడల్లా వెలుతురు మారితే తెర మీద బొమ్మ మిణుకు మిణుకుమంటుంది, ఆ మధ్యాహ్నం పనంతా వృథా అవుతుంది.

అనుమతిని, డబ్బును ఒకే వాక్యంలో కలిపి అడిగావు. వాటిని విడదీయి. అనుమతి ఇవ్వడం ఆయన చేతిలో ఉంటుంది. డబ్బు సంగతి యాజమాన్యాన్ని అడగాల్సి రావచ్చు. కలిపి అడిగితే ఆలస్యమయ్యేది రెండోదే అయినా దాని వెంట మొదటిది కూడా ఆగిపోతుంది. "శనివారం మధ్యాహ్నాలు డ్రాయింగు గది వాడుకోవడానికి, ఎనిమిది మంది పిల్లలతో పనిచేయడానికి అనుమతి కోరుతున్నాను" అని ఒక పేరా. "వీలైతే 8,000 రూపాయల ఖర్చు బడి భరించాలని కోరుతున్నాను. అది కుదరకపోతే అట్టలు, రంగులు ఇప్పించినా చాలు, దీపాలు నేను అరువు తెచ్చుకుంటాను" అని ఇంకో పేరా. సినిమాను బడి ప్రార్థన సమావేశంలోను, నీ కాలేజీలోను మాత్రమే చూపిస్తానని, ఇంటర్నెట్‌లో పెట్టాలంటే మళ్లీ విడిగా అడుగుతానని చెప్పు. చివర ఆయన సంతకానికి రెండు చోట్లు వదులు, ఒకటి అనుమతికి, ఒకటి ఖర్చుకు.

ఇదంతా ఒక పేజీకి మించకూడదు. బొమ్మలు, లెక్క, సమ్మతి పత్రం నమూనా వెనక జతచేయి. తెలుగులో పూర్తిగా కుదిరాకే ఇంగ్లీషులోకి మార్చు. 'భొలొ', 'భల' పలకడంలో ఉన్న తేడా ఇంగ్లీషులో కూడా స్పష్టంగా కనబడేలా రాయి.

మూడో బొమ్మ గురించి ఒక్క మాట. అందులో ఉపాధ్యాయురాలు వచ్చి అందరినీ మందలిస్తోంది. ఆమెను తీసేసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్న ఆ పిల్లే చెయ్యి దించి, పుస్తకం తన వైపు జరుపుకుని, ఆగిపోయిన వాక్యాన్ని స్నేహితురాలితో కలిసి చదవడం మొదలుపెడితే ఎలా ఉంటుందో గీసి చూడు. గీశాక ఆ బొమ్మ, కొత్త ఉత్తరం కలిపి పంపు. శనివారం దాకా ఇంట్లోనే ఉంటాను.

ఆశీస్సులతో,
మీ మాస్టారు