టీచరుగా చేరాక పిల్లల ఫీజు రాయితీ: ఏది అడగాలి, ఏ కాగితాలు చూపాలి

ప్రశ్న: మా పిల్లలు చదివే స్కూల్లోనే ఈ ఏడాది టీచరుగా చేరాను. బాబు తొమ్మిదో తరగతి, పాప మూడు. తోబుట్టువుల డిస్కౌంట్ ఉంది, స్టాఫ్ పిల్లలకు వేరే రాయితీ ఉంది అంటున్నారు. మొదటి టర్మ్ ఫీజు ఇద్దరికీ పూర్తిగా కట్టేశాను. ఇప్పుడు ఏది అడగాలి? ఏం చూపించాలి?

జవాబు: ముందు ఆఫీసులో రాయితీల నిబంధనలు కాగితం మీద అడిగి తీసుకోండి. తోటి టీచర్లు చెప్పేది వాళ్లు చేరినప్పటి నిబంధన కావచ్చు. అందులో మూడు విషయాలు వెతకండి. స్టాఫ్ రాయితీ ఎంతమంది పిల్లలకు? ఒకే బిడ్డకు రెండు రాయితీలూ ఇస్తారా? ఒక బిడ్డకు తోబుట్టువుల డిస్కౌంట్ రావాలంటే మరో బిడ్డ పూర్తి ఫీజు కట్టే విద్యార్థి అయి ఉండాలా? ఈ మూడో షరతును చాలామంది గమనించరు. బాబుకు స్టాఫ్ రాయితీ తీసుకోగానే, పాపకు వస్తున్న డిస్కౌంట్ ఆగిపోయేది దీనివల్లే.

లెక్క వేసి చూద్దాం. బాబు ట్యూషన్ ఫీజు ఏడాదికి 60,000, పాపది 40,000 అనుకోండి. స్టాఫ్ రాయితీ ఒక్క బిడ్డకే, 50 శాతం. చిన్నబిడ్డకు తోబుట్టువుల డిస్కౌంట్ 10 శాతం. ఒకే బిడ్డకు రెండూ ఇవ్వరు. స్టాఫ్ రాయితీ పాప పేరున పెడితే 20,000 మిగులుతుంది, అంతే. బాబు పేరున పెడితే 30,000, పాప డిస్కౌంట్ 4,000 కలిపి 34,000. 'పూర్తి ఫీజు' షరతు ఉండి పాప డిస్కౌంట్ పోయినా 30,000 మిగిలినట్టే. కాబట్టి ఈ లెక్కలో ఎక్కువ ఫీజున్న బిడ్డకే స్టాఫ్ రాయితీ అడగాలి. అయితే బాబు స్కూలు దాటాక దాన్ని పాపకు మార్చుకోవచ్చో లేదో ఇప్పుడే అడగండి. ఒకసారి రాసిన పేరు మార్చని చోట పాపకు మిగిలిన ఏళ్లు కూడా లెక్కలోకి తీసుకోవాలి. అప్పుడు పాప పేరున పెట్టడమే మేలు కావచ్చు.

ఇంకొకటి. ఈ శాతాలు సాధారణంగా ట్యూషన్ ఫీజు మీదే. బస్సు, పుస్తకాలు, పరీక్ష ఫీజులకు వర్తించవు. మొత్తం బిల్లులో సగం తగ్గుతుందని ఇంటి ఖర్చులు వేసుకోకండి.

ఇక కాగితాలు. తోబుట్టువుల డిస్కౌంట్‌కు ఇద్దరి జనన ధ్రువపత్రాలు, ఇద్దరి అడ్మిషన్ నంబర్లు చాలు. ఫీజు రికార్డులో ఆ నంబర్లు ఒకదానికొకటి ముడిపడకపోతే డిస్కౌంట్ దానంతట అది రాదు. స్టాఫ్ రాయితీకి మీ నియామక పత్రం, ఉద్యోగి నంబరు, తాజా జీతం చీటీ, బిడ్డ జనన ధ్రువపత్రం అడుగుతారు. మీరు ప్రొబేషన్‌లో ఉంటే అది పూర్తయ్యాకే ఇచ్చే సంస్థలున్నాయి. ఆ తేదీ తెలుసుకోండి.

దరఖాస్తులు వెనక్కి రావడానికి నేను ఎక్కువగా చూసిన కారణం తల్లి పేరు. బిడ్డ జనన ధ్రువపత్రంలో పుట్టింటి ఇంటిపేరు, ఉద్యోగ రికార్డులో అత్తింటి ఇంటిపేరు ఉంటుంది. ఇద్దరూ ఒకరేనని గుమాస్తా తనంతట తాను ఒప్పుకోలేడు. వివాహ ధ్రువపత్రం నకలు, లేదా రెండు పేర్లూ ఉన్న ప్రమాణపత్రం మొదటే జతచేయండి. ఒకటి రెండు వారాలు కలిసొస్తాయి.

మీరు కట్టేసిన టర్మ్ సంగతి. చాలాచోట్ల రాయితీ దరఖాస్తు తేదీ నుంచే మొదలవుతుంది, వెనక్కి వెళ్లదు. అందుకే ఇవాళే ఇవ్వండి, రెండో నకలు మీద తేదీతో ముద్ర వేయించుకోండి. అందులో "నేను ఫలానా తేదీన ఉద్యోగంలో చేరాను, ఆ తేదీ నుంచి రాయితీ వర్తింపజేసి, ఎక్కువ కట్టిన మొత్తాన్ని తర్వాతి టర్మ్‌లో సర్దుబాటు చేయగలరు" అని స్పష్టంగా రాయండి. డబ్బు తిరిగివ్వడం కంటే సర్దుబాటుకు ఆఫీసులు త్వరగా ఒప్పుకుంటాయి.

మధ్యలో ఉద్యోగం మానేస్తే మిగిలిన నెలల రాయితీని ఆఖరి జీతంలో కోసుకునే షరతు ఉండొచ్చు. సంతకం పెట్టేముందు ఆ వాక్యం చదవండి. పన్ను లెక్కలో ఈ రాయితీని జీతంతో పాటు వచ్చిన ప్రయోజనంగా చూస్తారేమో అకౌంట్స్‌లో అడగండి.

తర్వాతి టర్మ్ చలానా రాగానే మూడు అంకెలు చూడండి: అసలు ఫీజు, రాయితీ, కట్టాల్సింది. రాయితీ గడి ఖాళీగా ఉంటే గడువు తేదీలోపే, డబ్బు కట్టకముందే, ముద్ర వేసిన నకలుతో ఆఫీసుకు వెళ్లండి. గడువు దాటితే రాయితీ రద్దు చేసే నిబంధన కూడా కొన్నిచోట్ల ఉంటుంది.