రూపాయల్లో టాలీ అయితే సరిపోదు, ఐటమ్‌లు లెక్కపెట్టండి

ప్రశ్న: "మా స్టోరులో స్టాక్ విలువ టాలీ అవుతుంది, కానీ సరుకు అడిగితే దొరకదు. రికార్డు కచ్చితత్వం ఎలా లెక్కించాలి, ఎంత శాతం టార్గెట్ పెట్టుకోవాలి?"

విజయవాడ ఆటోనగర్‌లో లారీ స్పేర్ పార్ట్స్ స్టోరు చూసేవాడిని. ఒక మార్చిలో స్టాక్ లెక్కిస్తే మొత్తం విలువలో తేడా రెండు వేలు కూడా రాలేదు. ఓనరు చాలా సంతోషించారు. వారం తిరక్కుండానే ఒక మెకానిక్ 10 పళ్ల క్లచ్ ప్లేటు కోసం వచ్చాడు. కంప్యూటర్‌లో 4 ఉన్నాయి, ర్యాకులో ఒక్కటీ లేదు. 14 పళ్లవి మాత్రం రికార్డు కంటే 4 ఎక్కువున్నాయి. రెండింటి ధరా దాదాపు ఒకటే. కౌంటరులో ఎవరో 10 పళ్లది ఇచ్చి 14 పళ్ల కోడ్‌తో బిల్లు కొట్టారు. రూపాయల్లో ప్లస్సూ మైనస్సూ కొట్టుకుపోయాయి. లారీ మాత్రం షెడ్డులోనే ఉండిపోయింది.

అందుకే విలువ పక్కన పెట్టండి. ఒక్కో ఐటమ్ రికార్డు సరిపోయిందా, లేదా? అంతే చూడాలి. సరిపోయిన ఐటమ్‌లను లెక్కించిన ఐటమ్‌లతో భాగించి 100తో గుణించండి. ఎక్కువున్నా తప్పే, తక్కువున్నా తప్పే.

ఆ మర్నాడు షట్టర్ తీయకముందే, బిల్లులూ వచ్చిన సరుకూ అన్నీ ఎంట్రీ అయ్యాక, 100 ఐటమ్‌లు లెక్కపెట్టాను. ముక్కల్లో లెక్కించే 80లో 58 సరిపోయాయి. కిలోల్లో అమ్మే బోల్టులు, వాషర్లు 20. వీటికి 3 శాతం వరకు తేడా ఒప్పుకున్నాను. రికార్డులో 40 కిలోలుంటే కాటాలో 39.2 వచ్చింది, తేడా 2 శాతమే కాబట్టి అది పాస్. అలా 14 పాసయ్యాయి. మొత్తం 72 శాతం. బేరింగులకూ క్లచ్ ప్లేట్లకూ మాత్రం ఒక్క ముక్క తేడా కూడా ఒప్పుకోకూడదు. కొందరు శాతం పెంచుకోవడానికి అన్నిటికీ 5 శాతం సడలింపు ఇచ్చేస్తారు. అది చూస్తే నాకు నిజంగా కోపం వస్తుంది.

టార్గెట్ అంటే అందరూ 95 అంటారు. బోల్టులకు అది చాలు. కానీ క్లచ్ పనికి 5 ఐటమ్‌లు కలిపి కావాలి. ఒక్కోదాని రికార్డు 95 శాతం నమ్మదగినదైతే, ఐదూ సరిగ్గా ఉండేది 100లో 77 సార్లే. 99 అయితే 95 సార్లు. కాబట్టి సెట్టుగా వెళ్లేవాటికీ ఖరీదైనవాటికీ 99 పెట్టండి.

72 నుంచి ఒకేసారి అక్కడికి చేరలేరు. మేము 50 ఐటమ్‌లు ఎంచుకుని ప్రతి సోమవారం అవే లెక్కించాం. తేడా ఎప్పుడొచ్చినా ఆ వారం బిల్లుల్లోనే కారణం దొరికేది. ఎక్కువగా తప్పు కోడే. రెండు క్లచ్ ప్లేట్లనూ వేర్వేరు ర్యాకుల్లోకి మార్చి, కోడ్‌ను పెద్ద అక్షరాల్లో అట్టపై రాసి కట్టాక ఆ జంటలో తేడా మళ్లీ రాలేదు.