స్కూలు హ్యాండ్‌బుక్‌లో ‘గైడ్‌లైన్స్’ అని ఉంటే పాటించక్కర్లేదా?

ప్రశ్న: మా బాబు హైదరాబాద్‌లో ప్రైవేటు స్కూల్లో ఏడో తరగతి. బ్యాగులో ఫోన్ దొరికింది. హ్యాండ్‌బుక్‌లో ఫోన్ సంగతి ‘గైడ్‌లైన్స్’ కింద ఉంది, ‘కోడ్ ఆఫ్ కాండక్ట్’లో మాత్రం పేరు తీసేస్తామని ఉంది. అడ్మిషనప్పుడు ఏదో స్లిప్ మీద చదవకుండానే సంతకం పెట్టాం. గైడ్‌లైన్స్ అంటే సలహాలే కదా? సోమవారంలోగా మమ్మల్నే టీసీకి అప్లై చేసుకోమని ప్రిన్సిపాల్ అంటున్నారు. వాడు అన్నం కూడా సరిగా తినట్లేదు. ఏం చేయాలి?

జవాబు: టీసీ దరఖాస్తు మీద సంతకం పెట్టకండి. ‘సొంత కారణాల వల్ల’ అని మీ చేత రాయించుకుంటే స్కూలు పంపేయడం కాస్తా మీరే వెళ్లిపోవడం అవుతుంది, ఆ తర్వాత ఏ అధికారి దగ్గరికి వెళ్లినా ముందు ఆ కాగితమే చూపిస్తారు. గొడవెందుకు, మర్యాదగా తప్పుకుందాం అనిపిస్తుంది, కానీ కేసు పోయేది అక్కడే.

గైడ్‌లైన్స్ వాదన వదిలేయండి. పైన హెడ్డింగ్ గైడ్‌లైన్స్ అయినా, పాలసీ అయినా, నార్మ్స్ అయినా, చూసేది కింద ఉన్న వాక్యాన్ని. ‘ఫోన్ తేకూడదు, తెస్తే తీసుకుంటాం’ అని ఉండి, ఒప్పుకున్నట్టు మీ సంతకం ఉంటే అది కట్టుబాటే, చదవలేదంటే ఎవరూ వినరు. పిల్లాడి చదువుకు సంబంధించిన కాగితం మీద చదవకుండా సంతకం ఎలా పెట్టారండీ?

అయితే మీ సంతకానికీ ఒక హద్దుంది. విద్యాహక్కు చట్టం, 2009లోని సెక్షన్ 16 ప్రకారం ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా పిల్లల్ని స్కూలు నుంచి తీసేయకూడదు. 2019 సవరణ ఐదు, ఎనిమిది తరగతుల్లో ఫెయిలైనవాళ్లను అదే తరగతిలో ఆపడానికి దారి ఇచ్చింది, తీసేయడానికి ఇవ్వలేదు. మీవాడు ఏడు కాబట్టి ఆ కోడ్ వాక్యం చెల్లదు. తొమ్మిదిలో ఉండుంటే ఈ రక్షణ ఉండేది కాదు. స్కూలుకు మైనారిటీ హోదా ఉందేమో మాత్రం ముందు కనుక్కోండి, అలాంటి సంస్థలకు ఈ చట్టం వర్తించదని సుప్రీంకోర్టు 2014లో చెప్పింది.

ఇప్పటిదాకా అంతా నోటిమాటే, అది రుజువు కాదు. ఈరోజే స్కూలుకు మెయిల్ పెట్టండి: ‘ఫలానా తేదీన మమ్మల్ని టీసీ తీసుకోమన్నారు, మేం అడగలేదు, తీసేస్తున్నట్టయితే కారణంతో రాతపూర్వకంగా ఇవ్వండి.’ మీరు సంతకం పెట్టిన ఏడాది హ్యాండ్‌బుక్, ఆ స్లిప్ కాపీ, స్కూలు యాప్‌లో వచ్చిన మెసేజ్‌ల స్క్రీన్‌షాట్లు తేదీ కనిపించేలా దాచుకోండి. ఫోన్ దొరికాక మార్చిన పాలసీ చూపిస్తే పాత ప్రతి మీ చేతిలో ఉండాలి.

సోమవారం బాబును మామూలుగానే బడికి పంపండి. గేటు దగ్గర ఆపితే అక్కడి నుంచే టైముతో సహా ఇంకో మెయిల్ పెట్టండి. అదే రోజు సెక్షన్ 32 కింద స్థానిక అధికార సంస్థకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, ఒక కాపీ డీఈఓ ఆఫీసులో ఇచ్చి, రెండుచోట్లా అందినట్టు ముద్ర వేయించుకోండి. మూడు నెలల్లో తేల్చాలని ఆ సెక్షనే చెబుతోంది, అక్కడ న్యాయం జరగకపోతే రాష్ట్ర బాలల హక్కుల కమిషన్‌కు అప్పీలు చేసుకోవచ్చు. సివిల్ దావాకు మూడేళ్ల గడువుంది కదా అని కూర్చోకండి, ఈలోగా బాబుకు ఒక విద్యాసంవత్సరం పోతుంది.