యాక్సిలరేటర్ తొక్కితే కారు కుదుపులు: ఫిల్టరా, ఇంజెక్టర్లా, కాయిలా?

ప్రశ్న: నాది పెట్రోల్ కారు, 80 వేల కిలోమీటర్లు తిరిగింది. మూడు, నాలుగు గేర్లలో ఎక్కువగా తొక్కితే జర్కులు ఇచ్చి, ఒక్క క్షణం ఆగి అప్పుడు లాగుతోంది. నెమ్మదిగా పోతే ఏమీ లేదు. ఒక మెకానిక్ ఫ్యూయల్ ఫిల్టర్ అంటాడు, ఇంకొకాయన ఇంజెక్టర్లు అంటాడు. ముందు ఏది చూపించాలి?

జవాబు:

ముందు ప్లగ్‌లకు స్పార్క్ కోసం వోల్టేజ్ అందించే ఇగ్నిషన్ కాయిల్ చూడండి, దాని పేరు మీ మెకానిక్‌లిద్దరూ ఎత్తలేదు. ఫిల్టర్, ఇంజెక్టర్లు, కాయిల్ మూడింట్లో డబ్బు ఖర్చు పెట్టకుండా తేల్చుకోగలిగింది అదొక్కటే. నేను ఆ క్రమం తిరగేసి చేశాను కాబట్టి చెబుతున్నాను.

నాది కూడా నాలుగు సిలిండర్ల పెట్రోల్ హ్యాచ్‌బ్యాకే. విశాఖలో ఊళ్లో తిరిగేటప్పుడు బానే ఉండేది. ఫ్లైఓవర్ ఎక్కుతూ మూడో గేర్‌లో గట్టిగా తొక్కితే మాత్రం ఎవరో వెనక నుంచి పట్టి లాగినట్టు టక్ టక్‌మని కుదిపేది. షెడ్డులో మెకానిక్ ఒక రౌండు నడిపి "ఇంజెక్టర్లు కార్బన్ పట్టాయి సార్" అన్నాడు. క్లీనింగ్‌కి 2,800 అయింది. రెండు రోజులు బాగయినట్టే అనిపించింది. (డబ్బు కట్టాక కారు రెండు రోజులు బాగానే అనిపిస్తుంది లెండి.) ఆ ఆదివారం అరకు బయల్దేరాం. శృంగవరపుకోట దాటి ఘాట్ మొదలయ్యాక, నలుగురం కూర్చున్న బండి రెండో గేర్‌లో వణకడం మొదలుపెట్టింది. చెక్ ఇంజిన్ లైట్ మామూలుగా వెలగడం కాదు, మిణుకు మిణుకుమంటోంది.

లైట్ అలా మిణుకుతోందంటే, కాలని పెట్రోలు సైలెన్సర్ దారిలోకి పోయి క్యాటలిటిక్ కన్వర్టర్‌ని వేడెక్కించి పాడుచేసేంత మిస్‌ఫైర్ జరుగుతోందని అర్థం. ఆ కన్వర్టర్ ధర ముందు కాయిల్ ధర ఒక లెక్కలోది కాదు. మీకూ అలా మిణుకితే కాలు తీసి మెల్లగా పోనివ్వండి. అయినా ఆగకపోతే బండి పక్కకు పెట్టేయండి.

ఇంటికొచ్చాక కారు కంప్యూటర్‌లోని ఫాల్ట్ కోడ్‌లు చదివే బ్లూటూత్ ఓబీడీ స్కానర్ పెట్టి చూస్తే P0303 అని వచ్చింది. చివరి అంకె సిలిండర్ నంబరు, అంటే మూడో సిలిండర్‌లో మిస్‌ఫైర్. P0300 వస్తే ఏ ఒక్క సిలిండర్ అనీ చెప్పలేకపోతోందని అర్థం. అయితే మూడో సిలిండర్ అని తెలిసినంత మాత్రాన కాయిలే అని తేలదు. ప్లగ్ కావచ్చు, ఇంజెక్టర్ కావచ్చు, కంప్రెషన్ తగ్గి ఉండవచ్చు. అందుకే తర్వాతి పని ముఖ్యం.

ఇంజిన్ ఆపి, బాగా చల్లారాక, మూడో సిలిండర్ కాయిల్‌ని ఒకటో దానికి, ఒకటో దాన్ని మూడోదానికి మార్చాను. మా కారులో ఒక్కో కాయిల్‌కి ఒక్క బోల్టే, 10 నంబర్ స్పానర్ చాలు. కనెక్టర్ లాక్ ప్లాస్టిక్‌ది, పాతబడితే పెళుసుగా ఉంటుంది, బలవంతంగా లాగకండి. ఇంజిన్ నడుస్తుండగా కాయిల్ పీకి చూసేవాళ్లుంటారు, మీరు ఆ పని చేయొద్దు, షాక్ కొడుతుంది. తర్వాత స్కానర్‌లో పాత కోడ్ చెరిపేసి, అదే ఫ్లైఓవర్ మీద అదే గేర్‌లో తొక్కాను. ఈసారి P0301 వచ్చింది. తప్పు కాయిల్ వెంట నడిచి వెళ్లిందన్నమాట. ఇంక అనుమానమే లేదు. కోడ్ మూడో దగ్గరే ఉండిపోయి ఉంటే ప్లగ్‌ని అలాగే మార్చి చూసేవాణ్ణి. అప్పటికీ కదలకపోతేనే ఇంజెక్టర్ మాట.

నెమ్మదిగా పోతే ఏమీ లేకపోవడానికి కారణం ఇది. గట్టిగా తొక్కినప్పుడు సిలిండర్‌లోకి గాలి ఎక్కువ చేరి ఒత్తిడి పెరుగుతుంది. ఆ ఒత్తిడిలో ప్లగ్ కొనల మధ్య స్పార్క్ దూకాలంటే ఎక్కువ వోల్టేజ్ కావాలి. కాయిల్ ఇన్సులేషన్‌లోనో, కింద ఉండే రబ్బరు బూట్‌లోనో పగులుంటే, స్పార్క్ ప్లగ్ దాకా పోకుండా దగ్గరి దారిలో ఇంజిన్ బాడీకి దిగిపోతుంది. నా కాయిల్ బూట్ మీద వెంట్రుకంత నల్లటి గీత కనిపించింది, అదే ఆ దారి.

ప్లగ్‌లు కూడా తీసి చూస్తే గ్యాప్ 1.1 మి.మీ. ఉండాల్సింది అరిగిపోయి 1.4 అయింది. గ్యాప్ పెరిగినకొద్దీ కాయిల్ మీద భారం పెరుగుతుంది. కాబట్టి కొత్త కాయిల్ వేసి పాత ప్లగ్‌లే ఉంచితే మళ్లీ అదే కథ. మీ కారుకి గ్యాప్ ఎంతో మాన్యువల్‌లో చూసుకోండి. ప్లగ్ గుంటలో ఆయిల్ కనిపిస్తే వాల్వ్ కవర్ గ్యాస్కెట్ కారుతోందని, అది కూడా బూట్‌ని పాడుచేస్తుంది. నాకు కాయిల్ 2,400, ప్లగ్‌ల సెట్ వేరే. అంతటితో అరకు ఘాట్ నిమ్మళంగా ఎక్కింది.

ఇక ఫిల్టర్ సంగతి. అది మూసుకుపోతే కుదుపు ఇలా టక్ టక్‌మని తెగినట్టు ఉండదు. హైవే మీద చాలాసేపు తొక్కి పట్టినప్పుడు బండి మెల్లగా నీరసపడుతుంది, కాలు తీసి కాసేపు ఆగితే కోలుకుంటుంది. అన్ని సిలిండర్లకూ ఒకేసారి పెట్రోలు తగ్గుతుంది కాబట్టి ఒక్క సిలిండర్ కోడ్ రావడం అరుదు. కారు కంప్యూటర్ పెట్రోలు ఎంత అదనంగా కలపాల్సి వస్తోందో చూపే లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ స్కానర్‌లో బాగా ప్లస్‌లోకి పోతుంది, గాలికి తగ్గ పెట్రోలు అందట్లేదని చెప్పే P0171 కోడ్ కూడా రావచ్చు. ఎక్కడో గాలి లీకైనా ఇవే వస్తాయి కాబట్టి, అనుమానం తీరాలంటే గేజ్ పెట్టి, లోడ్ మీద ఫ్యూయల్ ప్రెషర్ పడిపోతోందా అని చూడమనాలి. ఇప్పటి చాలా పెట్రోల్ కార్లలో ఫిల్టర్ ట్యాంకులోనే పంపుతో కలిసి ఉంటుంది, మార్చడం చిన్న ఖర్చు కాదు. గేజ్ పెట్టకుండా ఒప్పుకోవద్దు. ఆ పని ఇంట్లో మీరే చేయకండి, ప్రెషర్‌లో ఉన్న పెట్రోలుతో ఆటలొద్దు.

ఇంజెక్టర్లు మురికి పడితే సాధారణంగా గేరు వేయకముందే తెలుస్తుంది. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు, పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు ఇంజిన్ ఊగుతుంది. మీకు ఐడిల్ నున్నగా ఉందంటే అనుమానం తక్కువ. చేయించాల్సి వస్తే మాత్రం ఇంజెక్టర్లు బయటకు తీసి మెషిన్ మీద నాలుగు గొట్టాల్లోనూ ఎంతెంత పడుతోందో క్లీనింగ్‌కి ముందూ తర్వాతా చూపించమనండి. నేను అది అడగలేదు, అందుకే ఆ 2,800 దేనికి పోయాయో నాకు ఇప్పటికీ తెలియదు.

ఒకవేళ మీ కారులో నాలుగు విడి కాయిల్స్ కాకుండా, ఒకే ప్యాక్ నుంచి ప్లగ్ వైర్లు వచ్చే పాత పద్ధతి ఉంటే ఈ మార్పిడి కుదరదు. అప్పుడు చీకట్లో బానెట్ ఎత్తి, ఇంజిన్ ఆన్‌లో ఉంచి, ఏమీ ముట్టుకోకుండా వైర్ల చుట్టూ నీలం మెరుపులు కనిపిస్తున్నాయేమో చూడండి. స్కాన్ చేశాక ఏ కోడ్ వచ్చిందో, ప్లగ్ కొనలు నల్లగా తడిగా ఉన్నాయో, తెల్లగా పొడిగా ఉన్నాయో ఇక్కడ రాయండి. తడిగా ఉంటే స్పార్క్ వైపు, పొడిగా తెల్లగా ఉంటే పెట్రోలు వైపు చూద్దాం.