ఎరుపు, ఆకుపచ్చ కలిసిపోకుండా బార్ చార్ట్‌కు ఏ రంగులు పెట్టాలె?

ప్రశ్న: హన్మకొండలో ఎమ్మెస్సీ చేస్తున్న. రిపోర్టుల మండలాలవారీగా పత్తి, వరి, మక్క సాగు బార్ చార్ట్ ఉంది. వరికి ఆకుపచ్చ, మక్కకు ఎరుపు, పత్తికి నీలం పెట్టిన. మా సార్‌కు ఎరుపు, ఆకుపచ్చ తేడా తెల్వదట. కాపీలేమో బ్లాక్ అండ్ వైట్ జిరాక్సే. ఏం చెయ్యాలె?

జవాబు: రైతుల కరపత్రాలకు చార్టులు గీసే పని నాది. మా ఆఫీసులో ఒకాయనకు మీ సార్ లాంటి చూపే. ఏ చార్టయినా ముందు ఆయన చూసినంకనే ప్రింటుకు పోతది.

రంగు పేరు పక్కన పెట్టి, అది ఎంత ముదురో లెక్క కట్టండి:

```
0.299*R + 0.587*G + 0.114*B
```

R, G, B అంటే ఆ రంగులో ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఎంతెంత ఉన్నయో చెప్పే అంకెలు, ఒక్కోటి 0 నుంచి 255 దాకా. లెక్కకు 0 వస్తే నలుపు, 255 వస్తే తెలుపు. మీ ఎరుపు #FF0000, ఆకుపచ్చ #008000 అనుకుందాం. మొదటిది 76, రెండోది 75. అంటే జిరాక్సులో వరి, మక్క ఒకటే బూడిద రంగు. మీ సార్ కంటికి కూడా ఆ రెండూ దాదాపు ఒకే గోధుమ ఛాయలో కనబడొచ్చు.

వర్ణాంధులకు పనికొచ్చే రంగులని ఒకాబే-ఇటో పట్టిక చాలామంది చెప్తరు. పట్టిక మంచిదే, కానీ కళ్ళు మూసుకొని తీసుకోవద్దు. అందులోని నారింజ #E69F00 లెక్క 162, లేత నీలం #56B4E9 లెక్క 158. రంగులో సార్‌కు తేడా తెలుస్తది, జిరాక్సులో మాత్రం ఎవరికీ తెల్వదు.

అందుకే అదే పట్టికలోంచి ఎడం ఉన్న మూడు తీసుకోండి: వరికి ముదురు నీలం #0072B2 (87), పత్తికి నారింజ (162), మక్కకు పసుపు #F0E442 (213). వరి అంటే పచ్చగానే ఉండాలని ఏం లేదు కదా. పసుపు తెల్ల కాగితం మీద తేలిపోతది, జిరాక్సు మీద జిరాక్సు తీస్తే అసలే మిగలదు. అందుకని ప్రతి బార్‌కూ సన్నని నల్ల అంచు గీయండి. గీతల చార్టయితే పసుపు వాడకండి, నలుపు తీసుకోండి.

ఇంకోటి, మూలన రంగుల డబ్బాలు పెట్టి పంట పేర్లు రాస్తరు కదా, అది తీసేయండి. మా ఆఫీసాయనకు రంగులు బాగున్నా ఆ చిన్న డబ్బాను బార్‌తో పోల్చుకోవడమే కష్టం. మొదటి మండలం బార్ల మీదనే పత్తి, వరి, మక్క అని రాయండి. మిగతా మండలాల్లో వరుస మార్చకండి.

ఒక పేజీని గ్రేస్కేల్‌లో ప్రింటు తీసి, దానికి జిరాక్సు తీయించి చూడండి. సార్‌కు మాత్రం రంగు ప్రింటే చూపించి, వరి ఎక్కువున్న మండలం ఏదో అడగండి. ఆయన ఆగి ఆలోచిస్తే ఇంకా పని ఉన్నట్టే.

మిర్చి కూడా కలపాల్సి వస్తే నలుపు వాడొచ్చు. ఐదో పంట వస్తే కొత్త రంగు వెతకకండి, చార్టును రెండు చేయండి.