రొయ్యల లెక్కకు mAP50 చూడాలా, mAP50-95 చూడాలా?

ప్రశ్న: భీమవరం దగ్గర మా చెరువు చెక్ ట్రే ఫోటోల్లో రొయ్యలు లెక్కపెట్టడానికి రెండు మోడళ్లు ట్రైన్ చేశాను. ఒకదానికి mAP50 ఎక్కువ, ఇంకోదానికి mAP50-95 ఎక్కువ. ఏది తీసుకోవాలి?

mAP అంటే మోడల్ ఎంత బాగా గుర్తిస్తుందో చెప్పే స్కోరు. లెక్క ఒక్కటే కావాలంటే mAP50 ఎక్కువ ఉన్నదానితో మొదలుపెట్టండి. కారణం రొయ్య సైజులోనే ఉంది. మోడల్ బాక్సు, మీరు గీసిన బాక్సు కలిసిన వైశాల్యాన్ని, రెండూ కలిపి ఆక్రమించిన వైశాల్యంతో భాగిస్తే వచ్చేదే ఐఓయూ. mAP50కి అది 0.5 ఉంటే చాలు. 20×20 పిక్సెళ్ల బాక్సు పక్కకి 4, కిందికి 4 పిక్సెళ్లు జరిగిందనుకోండి. కలిసిన భాగం 256, మొత్తం 544, ఐఓయూ 0.47. రొయ్య దొరికినా, 0.5 దాటలేదు కాబట్టి తప్పు కిందే లెక్క. 100×100 బాక్సు అంతే జరిగితే ఐఓయూ 0.85! mAP50-95 అనేది ఐఓయూ 0.5 నుంచి 0.95 దాకా 10 హద్దుల దగ్గర వచ్చే స్కోర్ల సగటు. అందుకే చిన్న రొయ్యల దగ్గర అది బాగా పడిపోతుంది. బాక్సుతో పొడవు కొలిచేవాళ్లకైతే అదే ముఖ్యం.

అయితే mAP చూసి ఆగిపోవద్దు. ప్రతి బాక్సుకీ మోడల్ తన నమ్మకాన్ని కాన్ఫిడెన్స్‌గా చెబుతుంది; mAP అన్ని కాన్ఫిడెన్స్ విలువలనూ కలిపి చెప్పే మాట. మీరు వాడేది ఒక్క విలువే. గీసిన బాక్సుల్లో నిజంగా రొయ్యలైన వాటి వంతు ప్రెసిషన్, ఉన్న రొయ్యల్లో దొరికిన వాటి వంతు రీకాల్. రెండు మోడళ్ల ప్రెసిషన్-రీకాల్ గీతలు ఒకదాన్నొకటి దాటుకుంటే mAP సమానంగా ఉన్నా పని వేరుగా ఉంటుంది. రీకాల్ 0.9 దగ్గర రెండింటి ప్రెసిషన్ పోల్చండి. 100 రొయ్యల్లో రెండూ 90 పట్టుకున్నా, ప్రెసిషన్ 0.75 ఉన్నది 120 బాక్సులు గీస్తుంది, 0.9 ఉన్నది 100 గీస్తుంది. ఈ రెండోది సరిగ్గా కనిపిస్తుంది కానీ అందులో 10 మేత ముక్కలో, నీటి మెరుపులో అయి ఉంటాయి. ఆ బాక్సులను ఫోటో మీద వేసి కళ్లతో చూడండి.